చీరల పేజీలో ఆటో రిప్లై: ఏది మెషిన్‌కి వదలాలి, ఏది మన చేత్తో రాయాలి

ప్రశ్న: ఇన్‌స్టాగ్రామ్‌లో చీరలు అమ్ముతాం అండీ. కామెంట్లలో, డీఎంలలో రోజంతా "రేటెంత", "సీఓడీ ఉందా" ఇవే. ఆటో రిప్లై పెడదామంటే పొరపాటు జవాబులు వెళ్లి కస్టమర్లు పోతారేమోనని భయం. ఎవరైనా వాడుతుంటే ఎలా సెట్ చేశారో చెప్పండి.

జవాబు:

మా వదిన మంగళగిరి కాటన్ చీరలు అమ్ముతుంది, పేజీ మెసేజ్‌ల సంగతి నేను చూస్తా. ఆటో రిప్లై పెట్టుకున్నాం, బాగానే నడుస్తోంది. కానీ ఒక్క మాట ముందే చెప్తా, ఏ ప్రశ్నకి ఏ జవాబు అని కూర్చుని రాసుకునే ముందు, ఏ మెసేజ్‌కి మెషిన్ అసలు నోరు తెరవకూడదో అది రాసుకోండి. మాకు పని చేసిందంటే దానివల్లే.

ఆన్ చేసే ముందు పాత డీఎంలు, కామెంట్లు కూర్చుని చదివాం. ఒక నోట్‌బుక్ తీసుకుని, ఈ పదం పెడితే ఈ మెసేజ్‌కి ఏం జవాబు వెళ్లేది అని పెన్‌తో రాసుకుంటూ పోయాం. బోరింగ్ పనే గానీ కళ్లు తెరుచుకున్నాయి. "ఎంత" అనే పదం వస్తే రేటు చెప్పాలి అనుకున్నామా, చూస్తే "అబ్బ ఎంత బాగుందో అక్కా ఈ బోర్డర్" అని మెచ్చుకున్న వాళ్లకి కూడా రేటు వెళ్లిపోయేది. "బ్లౌజ్ పీస్ ఎంత వస్తుంది", "వైజాగ్ రావడానికి ఎంత టైం పడుద్ది" ఇవన్నీ కూడా అందులోనే పడతాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసేవాళ్ల సంగతి ఇంకోటి, ప్రైస్ ప్లీజ్ అని "pp" పెడతారు కదా, దాన్ని ఎక్కడున్నా పట్టుకో అని పెడితే "happy", "shipping", "whatsapp" అన్నిట్లో ఉంది అది. ఇంకా ఘోరం "cod", ఆర్డర్ ఖాయం చేసుకుని పాపం అడ్రస్ పంపిస్తూ "pincode" అని రాస్తే అందులో కూడా cod ఉంది, ఆవిడకి "క్యాష్ ఆన్ డెలివరీ లేదండీ" అని పోతుంది.

అందుకని పొట్టి ఇంగ్లిష్ పదాలన్నీ విడి పదంగా ఉంటేనే పట్టుకునేలా పెట్టండి. చాలా టూల్స్‌లో ఈ ఆప్షన్ ఉంటుంది, పదం ఎక్కడున్నా చాలు అనేది ఒకటి, విడి పదంగా ఉండాలి అనేది ఒకటి. తెలుగు లిపిలో మాత్రం దీనికి ఉల్టా చేయాలి, ఎందుకంటే మనం పదాలు కలిపేస్తాం, "రేటెంత", "రేటెంతండీ", "రేటు చెప్పండి". విడి పదం "రేటు" అని పెడితే మొదటి రెండూ దొరకవు, "ఎంత" అని పెట్టినా దొరకవు, ఎందుకంటే అక్కడ ఉన్నది "టెంత" కదా. కొమ్ము లేకుండా "రేట" వరకే ఇచ్చి ఎక్కడున్నా పట్టుకో అంటే మూడూ వచ్చేస్తాయి. "ఎంత" ఒక్కటే ఉన్న మెసేజ్‌కి ఇంకో షరతు పెట్టాం, మెసేజ్ మొత్తం ఆ ఒక్క ముక్కే అయితేనే రేటు వెళ్తుంది, "entha", "enta andi", "ఎంత అండీ" ఇలా. పక్కన ఇంకేమన్నా ఉంటే వదిన చూసుకుంటుంది.

ఇక అసలు విషయం వరుస. మా రూల్స్ ఈ వరుసలో ఉంటాయి, పైన ఒకటి తగిలితే కిందకి వెళ్లదు:

```
1. raledu, రాలేద, return, refund, damage, చిరిగ, రంగు పో,
   color poyindi, డబ్బులు, mosam, adi kadu, అది కాద  -> మనిషి
2. ఫొటో / వాయిస్ / స్క్రీన్‌షాట్                      -> మనిషి
3. rate, price, pp, cost, రేట, ఎంత ఒక్కటే                       -> రేటు జవాబు
4. cod, cash on delivery                            -> సీఓడీ జవాబు
5. ఏదీ కాకపోతే                                      -> మనిషి
```

ఎందుకు ఇలా అంటే ఒక మెసేజ్ చూడండి, మాకొచ్చేవి ఇలాగే ఉంటాయి: "అక్కా ఆ గ్రీన్ చీర రేటెంత, పోయినసారి తీసుకున్నది మొదటి ఉతుకులోనే రంగు పోయింది". ఇందులో "రేట" ఉంది, "రంగు పో" కూడా ఉంది. రేటు రూల్ పైన ఉంటే ఆవిడ బాధ చెప్పుకుంటుంటే మనం రేటు చెప్తున్నట్టు ఉంటుంది, ఇక ఆవిడ మళ్లీ కొనదు, కొనకపోగా స్టోరీ పెడుతుంది. ఫిర్యాదు రూల్ పైన ఉంది కాబట్టి ఆవిడకి వెళ్లేది ఒకే ఒక్క లైను, "మీ మెసేజ్ చూశామండీ, దీనికి మేమే స్వయంగా జవాబిస్తాం, ఉదయం 10 నుంచి సాయంత్రం 7 మధ్య", అంతే, ఆ తర్వాత ఆ చాట్‌లో మెషిన్ నోరు మూసుకుంటుంది. వదిన ఫోన్‌కి నోటిఫికేషన్ వస్తుంది, చాట్ మీద "చూడాలి" అని లేబుల్ పడుతుంది. ఆ లైనులో "వెంటనే" అనే మాట పెట్టొద్దు, రాత్రి 11కి ఎవరూ వెంటనే చూడరు, మనం చూసే టైం రాస్తే చాలు.

ఆ నోరు మూసుకోవడం అనేది చాలామంది మర్చిపోతారు. వదిన ఆవిడతో రంగు గురించి మాట్లాడుతోంది, మధ్యలో ఆవిడ "సరే ఇంకోటి పంపండి, cod ఉందా" అంది అనుకోండి, అప్పుడు మెషిన్ దూరి రెడీమేడ్ జవాబు పడేస్తే ఇప్పటిదాకా మాట్లాడింది కూడా మెషినే అనుకుంటుంది ఆవిడ. కాబట్టి మనిషికి అప్పజెప్పాక, వదిన చేత్తో "అయిపోయింది" అని మార్క్ చేసేదాకా ఆ చాట్‌లో ఆటోమేషన్ ఆఫ్. టైమర్ పెట్టి కొన్ని గంటల తర్వాత దానంతటదే ఆన్ అయ్యే పద్ధతి నాకు నచ్చలేదు, రిటర్న్ గొడవ గంటల్లో తేలేది కాదు.

మెషిన్ ఎప్పుడూ చెప్పకూడనివి మాకు మూడు. ఒకటి, స్టాక్ ఉందా లేదా. చేనేతలో ఒక్కో రంగు ఒక్క పీసే ఉంటుంది, "ఉందండీ" అని ఇద్దరికి వెళ్తే ఇద్దరూ డబ్బులు వేస్తారు. రెండు, డబ్బులు అందాయి అనడం. పేమెంట్ స్క్రీన్‌షాట్ వచ్చిందంటే అది ఒక ఫొటో, అంతే, దొంగ స్క్రీన్‌షాట్లు తయారు చేసే యాప్‌లు ఉన్నాయి, మా అకౌంట్‌లో పడిందో లేదో బ్యాంకు యాప్ తెరిచి చూశాకే వదిన చెప్తుంది. మూడు, క్యూఆర్ కోడ్, అకౌంట్ నంబర్. ఇవి ఆటో జవాబులో పెడితే జనం దానికి అలవాటు పడతారు, రేపు మన పేజీ ఫొటో పెట్టుకుని ఎవడో నకిలీ పేజీ తెరిచి, మన పోస్ట్ కింద కామెంట్ పెట్టిన వాళ్లకి డీఎం చేసి క్యూఆర్ పంపితే అనుమానం కూడా రాదు. అందుకే మా రేటు జవాబు చివర ఎప్పుడూ ఈ మాట ఉంటుంది, "డబ్బులు కట్టమని మా అంతట మేము మీకు మెసేజ్ చేయం, ఓటీపీ అడగం". అప్పటికే ఎవరన్నా మోసపోయి మన దగ్గరికి వస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని చెప్పాల్సింది కూడా మనిషే, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

కామెంట్ల విషయం వేరు, అవి అందరికీ కనపడతాయి. రేటు అడిగిన కామెంట్‌కి మేము డీఎంలోకి జవాబు పంపుతాం, కింద "పంపామండీ, చూడండి" అని చిన్నగా రాస్తాం. అదే వాక్యం యాభై కామెంట్ల కింద కనపడితే చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది కాబట్టి నాలుగైదు రకాలుగా రాసి పెట్టుకోండి. ఇక్కడ మెటా రూల్ ఒకటి తెలుసుకోవాలి, టూల్ ద్వారా ఒక కామెంట్‌కి ఒక్క డీఎం మాత్రమే పంపొచ్చు, అదీ కామెంట్ పెట్టిన 7 రోజుల్లోపు, వాళ్లు తిరిగి జవాబిస్తేనే మన రెండో మెసేజ్ వెళ్తుంది. కాబట్టి ఆ ఒక్క మెసేజ్‌లోనే రేటు ఉండాలి. "హాయ్, మా పేజీకి స్వాగతం, వివరాలు కావాలంటే అవును అని పంపండి" అని దాన్ని వేస్ట్ చేయడం నాకైతే కస్టమర్‌ని సతాయించడం లాగే అనిపిస్తుంది. నిజానికి రేటు పోస్ట్‌లోనే రాసేస్తే సగం కామెంట్లు రావు, మేము ఇప్పుడు రాస్తున్నాం కూడా. కామెంట్‌లో ఫిర్యాదు వస్తే మెషిన్ అస్సలు జోలికి వెళ్లదు, వదినే పేరు పెట్టి పలకరిస్తుంది. ఎవరన్నా తెలీక ఫోన్ నంబర్, అడ్రస్ కామెంట్‌లో పెట్టేస్తే దాచేసి డీఎంలో అడుగుతాం.

ఇంకో రూల్ 24 గంటలది. కస్టమర్ చివరి మెసేజ్ నుంచి 24 గంటలు దాటితే టూల్ ద్వారా మామూలు మెసేజ్ వెళ్లదు. శనివారం రాత్రి ఫిర్యాదు వచ్చింది, ఆదివారం సెలవు, సోమవారం పొద్దున టూల్‌లో టైప్ చేస్తే ఎర్రర్. మనిషి రాసే జవాబులకి 7 రోజుల దాకా వెసులుబాటు ఉంది, మీ టూల్ దానికి సపోర్ట్ చేస్తుందో లేదో కొనేముందే అడగండి. లేదంటే ఇన్‌స్టా యాప్ తెరిచి అక్కడ చేత్తో రాయడమే. మేమైతే ఆదివారం సాయంత్రం "చూడాలి" లేబుల్ ఉన్న చాట్లు మాత్రం ఒకసారి తెరుస్తాం. టూల్ ఏదైనా మెటా లాగిన్ పేజీ ద్వారా కనెక్ట్ అయ్యేదే తీసుకోండి, మీ ఇన్‌స్టా పాస్‌వర్డ్ తన పేజీలో టైప్ చేయమనే దాన్ని ముట్టుకోవద్దు. పెద్దగా మెసేజ్‌లు రాకపోతే టూల్ కూడా అక్కర్లేదు, మెటా బిజినెస్ సూట్ ఇన్‌బాక్స్‌లో ఫ్రీగా వచ్చే ఆటోమేషన్లతో మొదలెట్టండి.

సరిగ్గా నడుస్తోందా లేదా అనేది ఎలా తెలుస్తుందంటే, మెషిన్ జవాబు వెళ్లిన వెంటనే కస్టమర్ ఏం రాశారో చూడాలి. "??", "hello", "అది కాదండీ", లేదా అదే ప్రశ్న మళ్లీ వచ్చిందంటే మన జవాబు తగల్లేదు. "అది కాద" అనే ముక్కని మొదటి రూల్‌లో పెట్టింది అందుకే. అలాగే ఒకే మనిషికి ఒకే ఆటో జవాబు రోజుకి ఒకసారే వెళ్లేలా పెట్టండి, రెండోసారి అడిగారంటే అది మనిషి చూడాల్సిందే. వారానికోసారి ఇలాంటి చాట్లు నాలుగు చదివి, ఏ పదం వల్ల దారి తప్పిందో చూసి దాన్ని సరిచేస్తాను, ఈ మధ్య అలా "rate" జవాబు నుంచి "separate blouse" అనేదాన్ని తప్పించాం, ఎందుకంటే "rate" ఒక్కటి ఎక్కడున్నా పట్టుకునే పాత సెట్టింగ్‌లోనే మిగిలిపోయింది.