రిస్క్ రిజిస్టర్ రివ్యూ: హెచ్చరిక ఎన్ని వారాల ముందు రావాలి?

ప్రశ్న: మా ప్రాజెక్టు రిస్క్ రిజిస్టర్‌ని రివ్యూ చేయమన్నారు. ముప్పై దాకా వరుసలున్నాయి, గడులన్నీ నిండే ఉన్నాయి. కానీ చదివితే ఏమీ అర్థం కావడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

స్కోరు ఎక్కువగా ఉన్న ఐదారు వరుసలు తీసుకుని, మిగతావి ప్రస్తుతానికి పక్కన పెట్టండి. వాటిని చివరి గడి నుంచి, అంటే మిటిగేషన్ నుంచి వెనక్కి చదవండి. నేను ఐటీ ప్రాజెక్టుల్లో ఈ రివ్యూలు చాలాకాలంగా చేస్తున్నాను. వరుసలో లోపముంటే ఎక్కువసార్లు అక్కడే ముందు దొరుకుతుంది.

ఒక బిల్లింగ్ సిస్టమ్ మార్చే ప్రాజెక్టులో ఇలాంటి వరుస ఉండేది: "డేటా మైగ్రేషన్‌లో సమస్యలు రావచ్చు. సంభావ్యత 4, ప్రభావం 4. మిటిగేషన్: డేటా టీమ్‌తో సమన్వయం చేసుకుంటూ నిశితంగా గమనిస్తాం. ఆ తర్వాత స్కోరు 6." నాలుగును నాలుగుతో గుణిస్తే వచ్చే 16 కాస్తా 6 ఎలా అయిందని అడిగాను. ఎవరూ చెప్పలేకపోయారు. గమనిస్తూ కూర్చుంటే సంభావ్యతా తగ్గదు, ప్రభావమూ తగ్గదు. అందుకే నేను రిజిస్టర్ పక్కనే ప్రాజెక్టు ప్లాన్ తెరిచి పెట్టుకుంటాను. మిటిగేషన్‌లో రాసిన పని ఆ ప్లాన్‌లో ఒక మనిషి పేరుతో, తేదీలతో కనిపించాలి. ఆ మనిషి వేరే ఏ పని ఆపి ఇది చేస్తారో కూడా అడగండి. సమాధానం లేదంటే అది ఇంకా కోరిక మాత్రమే. పని పూర్తయ్యేదాకా స్కోరును 16 దగ్గరే ఉంచమనండి.

మిటిగేషన్ ఎందుకంత పలచగా ఉందో వెతికితే కారణం సాధారణంగా మొదటి గడిలోనే ఉంటుంది. "సమస్యలు" అంటే ఏవి? డేటా టీమ్‌తో కూర్చుంటే అసలు విషయం బయటికొచ్చింది. పాత సిస్టమ్‌లో ఒకే కస్టమర్‌కు రెండు మూడు రికార్డులున్నాయి. ఇది ఇప్పటికే ఉన్న నిజం, అంటే కారణం. కొత్త సిస్టమ్ వాటిలో ఎన్నిటిని తిప్పికొడుతుందో తెలియదు, రిస్క్ అదీ. అవి ఎక్కువైతే గో-లైవ్ వెనక్కి పోతుంది, అది ప్రభావం. ఈ మూడూ విడివిడిగా రాశాక, చేయాల్సింది డూప్లికేట్లను ముందే శుభ్రం చేయడమని అక్కడున్న వాళ్లే చెప్పారు.

ఇక హెచ్చరిక సంగతి. నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఇదే. ఆ గడిలో "ట్రయల్ లోడ్‌లో రికార్డులు రిజెక్ట్ కావడం" అని రాశారు. వినడానికి బాగానే ఉంది. కానీ మొదటి ట్రయల్ లోడ్ గో-లైవ్‌కు రెండు వారాల ముందు పెట్టారు, శుభ్రం చేయడానికేమో ఆరు వారాలు కావాలి. ఆ హెచ్చరిక వచ్చేసరికి చేయగలిగిందేమీ ఉండదు. అందువల్ల ప్రతి హెచ్చరిక పక్కనా రెండు అంకెలు రాయించండి: అది ఎన్ని వారాల ముందు కనిపిస్తుంది, స్పందించడానికి ఎన్ని వారాలు పడుతుంది. మొదటిది రెండోదానికంటే పెద్దది కాకపోతే ఇంకా ముందు కనిపించే గుర్తు వెతకాలి.

ఇక్కడ అలాంటి గుర్తు సులభంగానే దొరికింది. ట్రయల్ లోడ్ దాకా ఆగకుండా పాత డేటాబేస్‌లోనే లెక్క తీయొచ్చు:

```sql
SELECT phone, COUNT(*)
FROM customers
GROUP BY phone
HAVING COUNT(*) > 1;
```

ఒకే ఇంట్లో ఇద్దరు ఒకే నంబరు ఇచ్చి ఉండొచ్చు కాబట్టి ఇందులో వచ్చినవన్నీ డూప్లికేట్లు కావు. కొన్నిటిని చేత్తో తెరిచి చూసి నిజమైనవి ఎంత శాతమో అంచనా వేయాలి. అయినా గో-లైవ్‌కు పది వారాల ముందే అంకె చేతికొస్తుంది. దానికి ఒక గీత కూడా ఉండాలి. మేము "మొత్తం రికార్డుల్లో 2 శాతం దాటితే" అని రాశాం. ప్రతి సోమవారం ఎవరు చూస్తారు, గీత దాటితే ఎవరికి చెప్తారు, అప్పుడు ఏం చేస్తారు అన్నవీ అదే వరుసలో పెట్టాం. దాటితే ముందు వాడుకలో ఉన్న ఖాతాలతోనే గో-లైవ్ చేసి, మూసేసిన ఖాతాలను తర్వాత తెస్తాం. శుభ్రం చేయడం మిటిగేషన్, ఇది కంటింజెన్సీ. రెండిటినీ ఒకే గడిలో కలిపేస్తే ఏది ఇప్పుడు మొదలుపెట్టాలో తెలియదు.

ఓనర్లతో మాట్లాడేటప్పుడు "ఇది సరిగా లేదు" అనకండి. "ఈ రిస్క్ నిజమవుతోందని మీకు ముందుగా ఎక్కడ కనిపిస్తుందండీ?" అని అడగండి. పని చేసేవాళ్లకు అది తెలిసే ఉంటుంది, కాకపోతే గడిలోకి రాదు.

కొన్నిటికి ముందస్తు గుర్తే ఉండదు. కీలకమైన ఒక్కరే ఇంటర్‌ఫేస్ పని అంతా చూస్తూ, ఒకరోజు రాజీనామా ఇస్తే అంతకుముందు ఏమీ కనిపించకపోవచ్చు. అలాంటి వరుసలో హెచ్చరికను బలవంతంగా కల్పించకండి. "గుర్తు లేదు" అని రాసి, ఆ పని నేర్చుకునే రెండో మనిషిని ఇప్పుడే ప్లాన్‌లో పెట్టించండి.