ఇన్సిడెంట్ రిపోర్ట్‌లో "నిర్లక్ష్యం" అని రాసేయమంటున్నారు, రాయొచ్చా?

ప్రశ్న: సార్, నేను గోడౌన్‌లో షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని. నిన్న ఫోర్క్‌లిఫ్ట్ రివర్స్‌లో వచ్చి మా లోడింగ్ అతని కాలు మీదకి ఎక్కింది. నేను రాక్ అవతల ఉన్నా, చప్పుడు విని పరిగెత్తా. డ్రాఫ్ట్ ఇలా రాశా: "మధ్యాహ్నం 3:40కి డ్రైవర్ ఫుల్ స్పీడ్‌లో నిర్లక్ష్యంగా రివర్స్ చేసి గుద్దేశాడు. తప్పు ఒప్పుకున్నాడు. అతను ఎప్పుడూ ఇంతే." నిర్లక్ష్యం అనే మాట మేనేజర్ పెట్టమన్నాడు. బండి రివర్స్ అలారం వారం నుంచి మోగట్లేదు, అది మాత్రం వద్దంటున్నాడు. రేపు కేసైతే ఇది నా మెడకి చుట్టుకుంటుందా?

జవాబు: ఈ డ్రాఫ్ట్ ఇలాగే పంపితే చుట్టుకుంటుంది. ఎలాగో చూడండి. ఏడాది తర్వాత మీరు బోనులో ఉన్నారనుకోండి, అవతలి లాయర్ మీ రిపోర్ట్ చేతిలో పట్టుకుని చాలా మర్యాదగా అడుగుతాడు. అప్పుడు మీరెక్కడున్నారండీ? రాక్ అవతల. అక్కణ్ణుంచి బండి కనిపిస్తుందా? కనిపించదు. మరి ఫుల్ స్పీడ్ అని ఎలా తెలిసింది? అంతే, మూడో ప్రశ్నకే మీ దగ్గర సమాధానం అయిపోయింది. ఆ ఒక్క మాటతో పోతే పర్లేదు, చూడనిది చూసినట్టు రాసే మనిషి అని ముద్ర పడితే మీరు నిజంగా చూసి రాసిన వాక్యాల్ని కూడా ఎవరూ నమ్మరు.

కాబట్టి మీరున్న చోటు నుంచి మొదలుపెట్టండి. నేనైతే ఇలా రాస్తా: "నేను మూడో రాక్ అవతల స్టాక్ లెక్క చూస్తున్నాను. పెద్ద చప్పుడు, వెంటనే ఒక కేక వినిపించాయి. బండి తగలడం నేను చూడలేదు. నేను వెళ్లేసరికి బండి ఆగి ఉంది, అతను వెనక చక్రం పక్కన కింద పడి ఉన్నాడు, కుడి పాదం పట్టుకుని ఉన్నాడు." ఎన్నో రాక్, ఏ పాదం అనేవి నేను ఊహించి పెట్టినవి, మీవి మీరు పెట్టుకోండి. "చూడలేదు" అని రాయడానికి చాలామంది మొహమాటపడతారు, నిజానికి రిపోర్ట్ మొత్తంలో మిమ్మల్ని కాపాడే వాక్యం అదే. వేరేవాళ్లు చూసుంటే ఎవరు, ఏం చెప్పారు అని వాళ్ల పేరు మీదే రాయండి, మీ నోట్లోంచి వచ్చినట్టు వద్దు.

ఇక "తప్పు ఒప్పుకున్నాడు". అతను సరిగ్గా ఏమన్నాడు? "అన్నా, నాకు కనపడలేదు" అన్నాడా? అయితే ఆ మాటే కోట్స్‌లో పెట్టండి. ఎందుకంటే కనపడకపోవడానికి లోడ్ అడ్డం ఉండొచ్చు, లైట్ తక్కువుండొచ్చు, అద్దం వంగి ఉండొచ్చు, వెనక్కి చూడకపోయుండొచ్చు, వీటిల్లో ఏదో తేల్చేది ఇన్వెస్టిగేషన్. మీరు దాన్ని ఒప్పుకోలుగా మార్చేస్తే అతను అనని మాట అతని నోట్లో పెట్టినట్టే.

"నిర్లక్ష్యం" అనే మాట వాడుకలో తిట్టు లాంటిదే, కానీ కోర్టులో అదొక తీర్పు. ఆ పనిలో ఉన్నవాడు ఎంత జాగ్రత్త తీసుకోవాలి, తీసుకున్నాడా, గాయం దానివల్లే అయిందా అని సాక్ష్యం చూసి చెప్పాల్సిన మాట. తమాషా ఏంటంటే మీ మేనేజర్ ఆ మాటతో కంపెనీ బయటపడుతుంది అనుకుంటున్నాడు, కానీ డ్యూటీలో ఉన్న ఉద్యోగి చేసిన తప్పుకి యజమాని కూడా బాధ్యుడే అని చాలా దేశాల చట్టాలు అంటాయి, కాబట్టి కంపెనీ కాగితం మీదే "మా డ్రైవర్ నిర్లక్ష్యం" అని ఉంటే గాయపడినవాడి లాయర్‌కి సగం పని మీరే చేసిపెట్టినట్టు. ఈ ముక్క ఆయనకి చెప్పి చూడండి, బహుశా తనే తీసేయమంటాడు. అప్పటికీ వినకపోతే, అది ఆయన అభిప్రాయం కాబట్టి ఆయన పేరుతో, ఆయన సంతకంతో వేరే నోట్ పెట్టుకోమనండి.

"ఎప్పుడూ ఇంతే" అనేది మీకే ఎదురు తిరుగుతుంది. ఎప్పుడూ ఇంతే అయితే సూపర్‌వైజర్‌గా మీరేం చేశారు, వార్నింగ్ లెటర్ ఏది అంటారు. కొట్టేయండి.

అలారం మాత్రం రాయాలి, ఇక్కడ తగ్గొద్దు. ఆచితూచి రాయడం అంటే ఊహలు, కోపం, తీర్పులు తగ్గించడం, ఇబ్బందిగా ఉన్న నిజాన్ని దాచడం కాదు. మెయింటెనెన్స్ రిజిస్టర్‌లో కంప్లైంట్ ఉంటే అది ఎలాగూ బయటికొస్తుంది, అప్పుడు మీ రిపోర్ట్‌లో అది లేకపోవడం మర్చిపోయినట్టు కాదు, దాచినట్టు కనిపిస్తుంది. అలాగని "అలారం లేకపోవడం వల్లే జరిగింది" అని కూడా రాయకండి. "ఫలానా తేదీన ఈ బండి రివర్స్‌లో ఉన్నప్పుడు అలారం మోగకపోవడం నేను గమనించాను, ఫలానా ఆయనకి చెప్పాను, తర్వాత రిపేర్ అయిందో లేదో నాకు తెలీదు", మీకు తెలిసింది ఇంతే అయితే ఇంతే. నిన్న మోగిందా లేదా అన్నది వేరే ప్రశ్న, మీకు వినపడలేదంటే "నాకు వినపడలేదు" అనండి, "మోగలేదు" అనకండి. రెండింటికీ మధ్య పెద్ద తేడా ఉంది, ఆ చప్పుళ్లలో మోగినా వినపడకపోయుండొచ్చు కదా. ఒకవేళ అలారం పోయిందని తెలిసీ ఆ బండిని నడపమన్నది మీరే అయితే, సంతకం పెట్టకముందే మీ సొంత లాయర్‌తో మాట్లాడండి. కంపెనీ లాయర్ కంపెనీ కోసం ఉంటాడు.

టైమ్ 3:40 అన్నారు, ఏ గడియారం? సీసీటీవీ గడియారాలు కొన్ని నిమిషాలు అటూ ఇటూ ఉండటం నేను చాలా చూశా. ఫుటేజ్‌లో 3:33 అని ఉంటే ఆ ఏడు నిమిషాలు ఏం చేశారని అడుగుతారు. "నా ఫోన్ ప్రకారం సుమారు 3:40" అని రాసి, ఇవాళే సీసీటీవీ టైమ్‌ని ఫోన్ టైమ్‌తో పోల్చి తేడా నోట్ చేసిపెట్టుకోండి.

పంపేశాక తప్పు కనిపిస్తే పాత ఫైల్ దిద్దొద్దు. పాత కాపీ ఎవరో ఒకరి మెయిల్‌లో ఉంటుంది, ఫైల్ ఎప్పుడు మార్చారో కంప్యూటర్‌లో ఉంటుంది, ఇక కేసు నోటీస్ వచ్చాక మార్చారంటే సాక్ష్యాన్ని తారుమారు చేశారన్న ఆరోపణే వస్తుంది. ఇవాళ్టి తేదీతో ఇంకో పేజీ పెట్టి, "మొదటి రిపోర్ట్‌లో ఎడమ అని రాశాను, కుడి అని ఉండాలి" అని, ఎలా తెలిసిందో కూడా రాయండి. చేత్తో రాసిందైతే ఒక్క గీత కొట్టండి, కింద మాట చదవగలిగేలా, పక్కన పొట్టి సంతకం, తేదీ.

ఇంకోటి, నిన్న గ్రూప్‌లో ఏమైనా మెసేజ్ పెట్టారా? నా దగ్గరికొచ్చిన ఒకాయన రిపోర్ట్ శుభ్రంగా రాశాడు, కానీ అదే సాయంత్రం వాట్సాప్‌లో "వీడు కావాలనే గుద్దాడు" అని పెట్టాడు, క్రాస్ ఎగ్జామినేషన్‌లో రిపోర్ట్ పక్కన పెట్టి అరగంట ఆ మెసేజ్ మీదే నడిపారు. మీరూ అలాంటిది పెట్టుంటే డిలీట్ చేయకండి, అది ఇంకా చెడ్డగా కనిపిస్తుంది. ఆవేశంలో పెట్టానని, చూడలేదని అడిగినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పొచ్చు.