అడ్వాన్స్ వచ్చిన రోజే అమ్మకం అయిపోయినట్టా?

ప్రశ్న: లాయర్ గారూ, శ్రీకాకుళంలో మాకు ఫర్నిచర్ షాపు ఉంది. పెళ్లిళ్ల సీజన్లో సారె సామానుకి అడ్వాన్సులు తీసుకుంటాం, మొన్న సంక్రాంతికి వెయ్యి రూపాయల గిఫ్ట్ వోచర్లు కూడా అమ్మాం. మా గుమస్తా డబ్బు వచ్చిన రోజే సేల్స్‌లో రాసేసి జీఎస్టీ కూడా కట్టేస్తున్నాడు. ఇది కరెక్టేనా? ఎవరూ వాడని వోచర్ల డబ్బు మాదేనా? పెళ్లి ఆగిపోయిన ఒకాయన అడ్వాన్స్ వెనక్కి ఇమ్మంటున్నారు, స్లిప్ మీద మాత్రం నాన్ రిఫండబుల్ అని ఉంది.

జవాబు: కరెక్ట్ కాదండి. మీ గుమస్తా మంచి ఉద్దేశంతోనే చేస్తుండొచ్చు గానీ దానివల్ల మీరు కట్టక్కర్లేని టాక్స్ ముందే కడుతున్నారు, పైగా అదే అమ్మకం పుస్తకాల్లో రెండుసార్లు పడే ప్రమాదం ఉంది. డబ్బు చేతికి వచ్చినంత మాత్రాన అమ్మకం అయినట్టు కాదు, సామాను ఇచ్చేదాకా ఆ డబ్బు కస్టమర్‌కి మీరు బాకీ ఉన్నట్టే లెక్క.

ఒక ఆర్డర్ తీసుకుని చూద్దాం. ఆమదాలవలస నుంచి ఒకాయన మార్చి నెలలో వచ్చి మంచం, బీరువా, డ్రెస్సింగ్ టేబుల్ కలిపి ఆర్డర్ ఇచ్చారు అనుకోండి. సామాను ధర 50,000, 18 శాతం జీఎస్టీ 9,000, మొత్తం 59,000. అడ్వాన్స్ 20,000 ఇచ్చారు, డెలివరీ ఏప్రిల్లో పెళ్లి ముందు. మార్చిలో మీరు రాయాల్సింది సేల్స్ ఖాతాలో కాదు, క్యాష్‌లో 20,000 వచ్చినట్టు, ఎదురుగా ‘కస్టమర్ అడ్వాన్సులు’ అనే ఖాతాలో 20,000 జమ. మార్చి 31న పుస్తకాలు మూసేటప్పుడు ఆ 20,000 బ్యాలెన్స్ షీట్‌లో అప్పుల వైపు కూర్చుంటుంది, ఆ ఏడాది లాభంలోకి రాదు. ఏప్రిల్లో సామాను ఇచ్చి 59,000కి బిల్లు కొట్టినప్పుడు 50,000 అమ్మకం, 9,000 జీఎస్టీ, అడ్వాన్స్ 20,000 అడ్జస్ట్ చేసి మిగతా 39,000 వసూలు చేసుకుంటారు, అంతే.

జీఎస్టీ సంగతి కూడా ఇలాగే. మొదట్లో, 2017లో, అడ్వాన్స్ మీద కూడా టాక్స్ కట్టమన్న మాట నిజమే, కానీ అదే ఏడాది నవంబర్ 15న నోటిఫికేషన్ 66/2017 ఇచ్చి సరుకుల మీద తీసుకునే అడ్వాన్సుకి ఆ బాధ తీసేశారు, బిల్లు కొట్టేటప్పుడు కడితే చాలు. చాలామంది పాత గుమస్తాలకి 2017 జులైలో నేర్చుకున్నదే ఇంకా గుర్తు ఉండిపోయింది, మీ వాడిదీ అదే కేసు అనుకుంటా. ఈ సడలింపు, బిల్లులో జీఎస్టీ వేయకుండా అమ్మకాల మీద తక్కువ శాతం కట్టే కాంపోజిషన్ స్కీమ్‌లో ఉన్నవాళ్లకి వర్తించదు, మీరు 18 శాతం వేసి బిల్లు ఇస్తున్నారంటే మామూలు రిజిస్ట్రేషనే, కాబట్టి పర్లేదు. అయితే ఒక్క చోట జాగ్రత్త, పాత సోఫాకి రెక్సిన్ మార్చడం, బీరువాకి పెయింట్ వేయడం లాంటి పనికి అడ్వాన్స్ తీసుకుంటే అది సర్వీస్ అండి, దానికి డబ్బు వచ్చిన నెలలోనే జీఎస్టీ కట్టాలి. ఈ రెండు రకాల అడ్వాన్సులకీ ఖాతాలు వేరువేరుగా పెట్టుకోండి. అడ్వాన్స్ తీసుకున్నప్పుడు నంబరు వేసిన రిసీట్ వోచర్ ఇవ్వడం మాత్రం మానకండి, టాక్స్ లేకపోయినా ఆ కాగితం ఇవ్వాలి.

ఇప్పటిదాకా ముందే కట్టేసిన వాటికి, డెలివరీ బిల్లు మీద మళ్లీ కట్టేయకముందే మీ సీఏతో కూర్చుని ఏ అడ్వాన్స్ ఏ నెల రిటర్న్‌లో చూపించారో లిస్టు తీయించండి. సవరణలకి ఆ ఆర్థిక సంవత్సరం అయ్యాక వచ్చే నవంబర్ 30 వరకు టైం ఉంటుంది, వార్షిక రిటర్న్ అంతకంటే ముందే వేసేస్తే అక్కడితో ఆఖరు.

ఇక వోచర్లు, అసలు గందరగోళం ఇక్కడే. ఇంతకుముందు చట్టంలో వోచర్లకి వేరే రూల్ ఉండేది, దాంతో ఏం కొంటారో ముందే తెలిసిన వోచర్ అయితే అమ్మిన రోజే టాక్స్ అనేవారు. 2024 డిసెంబర్ 31న వచ్చిన 243వ నంబర్ జీఎస్టీ సర్క్యులర్, వోచర్ అమ్మడం సరుకు అమ్మడమూ కాదు సర్వీసూ కాదు అని తేల్చింది, తర్వాత 2025 ఫైనాన్స్ యాక్ట్‌లో ఆ పాత సబ్‌సెక్షన్లే ఎత్తేశారు. కాబట్టి మీరు సంక్రాంతికి 50 వోచర్లు అమ్మి 50,000 తీసుకున్నారంటే అదంతా ‘గిఫ్ట్ వోచర్ బాకీ’ ఖాతాలోకే, జీఎస్టీ సున్నా.

ఎవరైనా వోచర్ తెచ్చి 1,500 రూపాయల కుర్చీ కొంటే, వోచర్ వెయ్యి పోను 500 క్యాష్ ఇస్తారు కదా, చాలా షాపుల్లో అప్పుడు బిల్లు 500కే కొడతారు, లేదా వెయ్యిని డిస్కౌంట్ కింద రాసేస్తారు. రెండూ తప్పే. బిల్లు మొత్తం 1,500కి కొట్టాలి, అందులో 18 శాతం ప్రకారం జీఎస్టీ 228 రూపాయల 81 పైసలు, వోచర్ అనేది డబ్బు కట్టిన పద్ధతి మాత్రమే, ఫోన్‌పే లాగా. ఎదురుగా వోచర్ బాకీ ఖాతాలో వెయ్యి తగ్గించండి. ఈ లెక్క సరిగ్గా నడుస్తోందా లేదా అన్నది మార్చి 31న ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది, వోచర్ పుస్తకం కౌంటర్‌ఫాయిల్స్ తీసి ఇంకా వెనక్కి రాని నంబర్లు లెక్కపెట్టండి. 38 వచ్చి 12 రాలేదనుకుంటే ఖాతాలో కచ్చితంగా 12,000 ఉండాలి. అంతకంటే ఎక్కువ ఉంటే వాడిన వోచర్ ఎక్కడో డిస్కౌంట్ అని రాసేశారు, తక్కువ ఉంటే వోచర్ అమ్మినప్పుడే సేల్స్‌లో పడేశారు, లేదా ఒకే నంబరు రెండుసార్లు తీసుకున్నారు.

ఆ 12,000 మీదేనా అంటే, వోచర్ మీద గడువు తేదీ అచ్చు వేసి ఉంటే ఆ తేదీ దాటాక దాన్ని ఆదాయంలోకి తీసుకోవచ్చు, దాని మీద ఇన్‌కంటాక్స్ ఉంటుంది, జీఎస్టీ మాత్రం ఉండదు, ఎందుకంటే అక్కడ అమ్మకమే జరగలేదు, అదే సర్క్యులర్ ఈ మాట కూడా చెప్పింది. పుస్తకాల్లో ఆదాయంలోకి తీసుకోకుండా మనసులో మాత్రమే మనది అనుకుంటే కుదరదు, లాభనష్టాల ఖాతాకి మార్చిన ఏడాదిలో అది ఆదాయం. టీవీ సుందరం అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు 1996లో, కస్టమర్లు అడగని పాత జమలు కంపెనీ లాభనష్టాల ఖాతాకి మార్చుకుంటే అది ఆదాయమే అని చెప్పింది. గడువు తేదీ వేయకపోతే బాకీగానే ఉంచండి, ఎవరో ఏడాది తర్వాత వోచర్ పట్టుకొచ్చినప్పుడు లేదు పొమ్మంటే వినియోగదారుల కమిషన్‌కి పోతారు, వెయ్యి రూపాయల కోసం ఆ తలనొప్పి ఎందుకు.

పెళ్లి ఆగిపోయిన ఆయన సంగతికి వస్తే, నాన్ రిఫండబుల్ అని అచ్చు వేసినంత మాత్రాన మొత్తం మింగేయలేరండి. కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఆర్డర్ తప్పినందుకు మీకు వచ్చిన న్యాయమైన నష్టం మేరకే పట్టుకోవచ్చు, ఫతే చంద్ కేసులో 1963లోనే సుప్రీంకోర్టు ఇది చెప్పింది. ఆయన అడిగిన మంచం మీ షోరూంలో నిలబడి ఉన్న మామూలు మోడలే అయితే రేపు ఇంకొకరికి అమ్ముకుంటారు కాబట్టి డబ్బు వెనక్కి ఇచ్చేయడమే మేలు. ఆయన సైజు, ఆయన డిజైన్ చెప్పి ప్రత్యేకంగా చేయించి ఉంటే, వడ్రంగి కూలి, పాలిష్, కోసేసిన కర్రలో తిరిగి పనికిరానిది ఎంతో కాగితం మీద లెక్క రాసి అంతే మినహాయించి మిగతాది ఇవ్వండి. ఇచ్చిన మొత్తం కస్టమర్ అడ్వాన్సుల ఖాతాలోనే తగ్గించి ఆయన సంతకం తీసుకోండి, మినహాయించుకున్నది ఇతర ఆదాయం అవుతుంది.

ఆర్డర్ పెద్దదైతే అడ్వాన్స్ ఒకసారి లక్ష, డెలివరీ రోజు ఇంకో లక్షా పదివేలు అంటూ మొత్తం క్యాష్‌లో తీసుకోకండి. ఒకే లావాదేవీకి 2 లక్షలు లేదా అంతకుమించి నగదు తీసుకుంటే ఇన్‌కంటాక్స్ వాళ్లు తీసుకున్నంతా పెనాల్టీ వేయగలరు, విడతలుగా తీసుకున్నారని వదలరు. బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో వేయించుకోండి.