ప్రొటీన్ పొడి మార్చడం కంటే ముందు బరువు ఎందుకు తగ్గిందో తేల్చుకోండి

ప్రశ్న: నా వయసు 26. తిరుపతిలో ఉంటాను. నాలుగు నెలలుగా జిమ్‌కు వెళ్తూ, రోజూ ఒక స్కూప్ వే కాన్సంట్రేట్ అనే పాల ప్రొటీన్ పొడిని పెద్ద గ్లాసు పాలలో కలుపుకుని తాగుతున్నాను. రెండు నెలలుగా కడుపు ఉబ్బరం, రోజుకు మూడు నాలుగు సార్లు విరేచనాలు. అప్పటి నుంచి డాక్టరుకు చూపించుకోకుండానే గ్యాస్ కోసం పాంటాప్రజోల్ మాత్ర రోజూ వేసుకుంటున్నాను. బాగా తింటున్నా బరువు 72 నుంచి 68 కిలోలకు వచ్చింది. ట్రైనర్ ఇంకా శుద్ధి చేసిన రకమైన ఐసొలేట్ కొనమంటున్నారు, మిత్రుడు ప్లాంట్ ప్రొటీన్ మంచిదంటున్నాడు. ఏది వాడాలి?

జవాబు: మీ లేఖలో నన్ను ఆపింది పొడి కాదు, ఆ నాలుగు కిలోలు. పాలలోని లాక్టోజ్ అనే చక్కెర అరగకపోతే ఉబ్బరం, గ్యాస్, నీళ్ల విరేచనాలు వస్తాయి. అయితే పెద్దవారిలో కేవలం ఆ కారణంగా, బాగా తింటూ కూడా ఇంత బరువు తగ్గడం సాధారణం కాదు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, మధుమేహం, జియార్డియా వంటి పేగు ఇన్ఫెక్షన్, గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ వ్యాధి, అరుదుగా పేగుల్లో క్షయ లేదా వాపు వ్యాధి ఉన్నా ఇలాగే మొదలు కావచ్చు. అందుకని ఈ వారంలోనే ఒక ఫిజీషియన్‌కు చూపించుకుని, వారు అవసరమనుకుంటే రక్త పరీక్ష, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, షుగర్, మల పరీక్ష, సీలియాక్ పరీక్ష చేయించుకోండి. సీలియాక్ పరీక్షకు రక్తం ఇచ్చే వరకు చపాతీలు మానవద్దు, మానితే ఫలితం తప్పుగా రావచ్చు. మలంలో రక్తం, జ్వరం, రాత్రి నిద్రలో లేచి విరేచనానికి వెళ్లవలసి రావడం ఉంటే వారం కూడా ఆగకూడదు.

రెండు నెలలు మాత్ర మింగారు గానీ ఒక్కసారైనా డాక్టరుకు చూపించుకోలేదు, ఇది సరికాదు. పాంటాప్రజోల్ జీర్ణాశయంలో ఆమ్లాన్ని తగ్గిస్తుంది. లాక్టోజ్ అరగవలసింది ఆ తర్వాత వచ్చే చిన్న పేగులో. కాబట్టి మీ ఉబ్బరానికి ఈ మాత్ర చేసే మేలు దాదాపు ఏమీ లేదు, పైగా ఆమ్లం తగ్గినవారికి పేగు ఇన్ఫెక్షన్లు కొంత తేలికగా సోకుతాయి, దీర్ఘకాలం వాడితే బి12 కూడా తగ్గవచ్చు. మానిన కొద్ది రోజులు ఛాతీలో మంట పెరిగినట్టు అనిపించవచ్చు కాబట్టి ఎలా ఆపాలో కూడా డాక్టరునే అడగండి.

ఇక పొడి సంగతి. ఒక స్కూప్ కాన్సంట్రేట్‌లో లాక్టోజ్ సుమారు రెండు గ్రాములకు మించదు. అదే 300 మిల్లీలీటర్ల పాలలో దాదాపు 14 గ్రాములు ఉంటుంది. లాక్టోజ్ సరిగా అరగనివారిలో కూడా చాలామంది ఒకసారికి 12 గ్రాముల వరకు ఓర్చుకోగలరు. మీరు దాన్ని దాటుతున్నది పొడి వల్ల కాదు, గ్లాసులోని పాల వల్ల. పొడి, పాలు రెండూ వారం రోజులు మానేసి, కడుపు కుదుటపడితే అదే పొడిని నీళ్లలో కలుపుకుని చూడండి. ఇబ్బంది రాకపోతే ఐసొలేట్ అవసరమే లేదు. నీళ్లలోనూ ఉబ్బరం వస్తే అప్పుడు లాక్టోజ్ ఒక గ్రాములోపే ఉండే ఐసొలేట్‌ను ప్రయత్నించవచ్చు, కానీ డబ్బా వెనుక తీపి పదార్థాలు, చిక్కదనానికి కలిపే గమ్‌లు ఏమున్నాయో ముందు చదవండి, కొందరికి పడనివి అవే. బఠాణీ, బియ్యం కలిపిన ప్లాంట్ ప్రొటీన్‌లో లాక్టోజ్ అసలే ఉండదు; పాలు బొత్తిగా పడనివారికి, పాలు తాగనివారికి అది సరిపోతుంది. అయితే అది కూడా కొందరిలో గ్యాస్ తెస్తుంది.

ఖర్చును కిలో ధరతో కాక ప్రొటీన్ గ్రాముతో లెక్కించండి. కాన్సంట్రేట్ కిలో 2,500 రూపాయలు, అందులో ప్రొటీన్ 80 శాతం అనుకుంటే గ్రాముకు మూడు రూపాయల పైచిలుకు. ఐసొలేట్ 3,600, ప్రొటీన్ 90 శాతం అనుకుంటే నాలుగు రూపాయలు. ఏడు రూపాయల కోడిగుడ్డులో ఆరు గ్రాములు దొరుకుతుంది, అంటే గ్రాముకు రూపాయి పైన కొద్దిగా.

అసలు అవసరమా అంటే, 68 కిలోల మనిషికి మామూలుగా రోజుకు 56 గ్రాముల ప్రొటీన్ చాలు, బరువులు ఎత్తేవారికి 80 నుంచి 110 గ్రాముల వరకు ఉపయోగం. మన ఇళ్లలో సంగటిలోకి చేసే అనపగింజల కూర, ఉలవలు, గుప్పెడు చెనిగ విత్తనాలు, రెండు మూడు గుడ్లు, పెరుగు, వారంలో కొన్ని రోజులు కోడికూర ఉంటే చాలావరకు అక్కడికి చేరవచ్చు. పెరుగులో లాక్టోజ్ కొంత పులిసిపోతుంది కాబట్టి పాలు పడనివారికీ అది తరచు పడుతుంది. తిండితో చేరలేని రోజున ఒక స్కూప్ తప్పు కాదు. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడగకుండా తీసుకోకూడదు.

మిమ్మల్ని పరీక్షించకుండా చెబుతున్న మాటలివి, చూసిన డాక్టరు సలహానే పాటించండి. వెళ్లేటప్పుడు పొడి డబ్బా, ఇన్నాళ్లూ మింగిన మాత్రల అట్టలు, జిమ్‌లో ఇంకేమైనా ఇచ్చి ఉంటే అవి కూడా పట్టుకెళ్లండి.