అమ్మ కంటి ఆపరేషన్, ఆఫీసులో ఆఖరి తేదీ

"సార్, మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండి. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మంగళవారం మా టీమ్ మొత్తాన్ని తీసేశారు. ఈ నెల 28 ఆఖరి రోజు. రాజీనామా మెయిల్ పెట్టమంటున్నారు. వర్క్ ఫ్రమ్ హోమ్ అని చెప్పి ఇంటికొచ్చి, మేడ మీద ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చుంటున్నాను. నాన్నగారికి ఎలా చెప్పను? దాళ్వా కోతలయ్యాక అమ్మకి కంట్లో శుక్లం తీయిద్దామనుకున్నాం."

బాబూ, ఆపరేషన్ మాట నువ్వు చివర్లో రాశావు, నేను అక్కడే మొదలెడతాను. అమ్మగారి పేరు మీ కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్సులో ఉంటే, మామూలుగా నీ ఆఖరి పనిరోజుతోనే అది ఆగిపోతుంది. కోతల దాకా ఆగితే ఖర్చంతా మీదే. శుక్లం ఆపరేషన్‌కి వెళ్తే సాధారణంగా సాయంత్రానికి ఇంటికొచ్చేస్తారు. డాక్టరు సరేనంటే 28 లోపే చేయించొచ్చు. అందుకే నాన్నగారికి రేపే చెప్పాలి.

ముందు హెచ్ఆర్‌కి ఒక మెయిల్ పెట్టు: ఇన్సూరెన్స్ ఏ తేదీతో ముగుస్తుంది, నోటీసు జీతమెంత, మిగిలిన సెలవుల డబ్బెంత. రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా "సొంత కారణాల వల్ల రాజీనామా" అని రాయకు. అలా రాశాక నిన్ను తీసేశారని చూపించుకోవడం కష్టం. అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారే వీలుందేమో కూడా ఆఖరి రోజుకి ముందే అడుగు. ఒప్పుకుంటే, కొన్ని జబ్బులకి క్లెయిమ్ ఇచ్చే ముందు ఆగమనే వెయిటింగ్ పీరియడ్‌లో ఇన్నాళ్లూ గడిచింది వృథా కాదు. ప్రీమియం మాత్రం మీరే కట్టుకోవాలి.

తర్వాత కాగితం మీద లెక్క వేయి. నీ దగ్గర 90,000 ఉన్నాయనుకుందాం. హాస్టల్, తిండి, బండి వాయిదా కలిపి నెలకి 19,500. ఇంటికి పంపేది 15,000. మొత్తం 34,500. అంటే రెండున్నర నెలలు వస్తాయి. ఇంటికి 7,000 చాలంటే మూడు నెలలు దాటుతుంది. సెటిల్‌మెంట్ డబ్బు ఖాతాలో పడేదాకా అందులో కలపకు. ఆ 15,000 ఎంత తగ్గించాలో నువ్వొక్కడివే తేల్చలేవు, నాన్నగారు కూడా కూర్చోవాలి.

సాయంత్రం ఆయన చేలోంచి వచ్చి కాళ్లు కడుక్కున్నాక, బావగారో పక్కింటివాళ్లో లేనప్పుడు చెప్పు. "నాన్నగారూ, కంపెనీ మా టీమ్ మొత్తాన్ని తీసేసిందండి. 28 దాకా జీతం ఉంది. అమ్మ కన్ను ఈలోపే చేయించాలి" అని మూడు ముక్కల్లో చెప్పి ఆగు. ఆయన కాసేపు మాట్లాడకపోవచ్చు. ఆ మౌనం భరించలేక "వారంలో ఇంకోటి వచ్చేస్తుంది" అనకు. రాకపోతే మళ్లీ మేడెక్కి దాక్కోవాలి. పనల మీదున్న వరి వానకి తడిసిన ఏడాది ఆయన చూసే ఉంటారు. ఆ కాగితం చేతికిస్తే ఆయనే లెక్కలోకి దిగుతారు.

ఈ వారం అప్లికేషన్లు పెట్టకు. నిద్రలేని కళ్లతో పంపిన రెజ్యూమెలు ఎలా ఉంటాయో రోజూ చూస్తుంటాను. ల్యాప్‌టాప్ అప్పగించేలోపు జీతం స్లిప్పులు, ఫారం 16 దించుకో. రెండో వారంలో పాత మేనేజర్లకి, సీనియర్లకి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పు. ఊళ్లో ఎవరికేం చెప్పాలన్నది మాత్రం నాన్నగారికే వదిలెయ్.