అద్దెను విభాగాలకు పంచే పద్ధతి గురించి మా తమ్ముడి కొడుక్కి రాసిన ఉత్తరం

చిరంజీవి శ్రీనివాస్‌కు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఆగస్టు నెల లెక్కలు చూశాను. చీరలు, రెడీమేడ్, చెప్పులు మూడింటికీ వేర్వేరుగా ట్రేడింగ్ ఖాతాలు రాసి, ఏ విభాగానికి ఎంత స్థూల లాభం వచ్చిందో తేల్చిన తీరు చక్కగా ఉంది. అమ్మేవాళ్ల జీతాలను కూడా ఏ విభాగం వాళ్లవి ఆ విభాగానికే రాశావు. తేడా వచ్చింది అద్దె దగ్గర. నెలకు 90,000 రూపాయల అద్దెను నువ్వు అమ్మకాల నిష్పత్తిలో పంచావు. ఆ నెలలో చీరలు 7 లక్షలకు, రెడీమేడ్ 3 లక్షలకు, చెప్పులు 2 లక్షలకు అమ్ముడయ్యాయి కాబట్టి వాటికి వరుసగా 52,500, 22,500, 15,000 రూపాయలు పడ్డాయి.

ఈ పొరపాటే ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ చేశాను. దసరా నెలలో చీరల అమ్మకం రెట్టింపయ్యేసరికి, నా లెక్కలో ఆ విభాగం అద్దె కూడా ఒక్కసారిగా ఎగబాకింది. చీరల విభాగం చూసే పెద్దాయన ఆ కాగితం పట్టుకొని నా బల్ల దగ్గరికి వచ్చి, "బాబూ, ఇంటాయన అద్దె పెంచలేదు, నా గది పెరగలేదు, మరి నాకు అద్దె ఎందుకు పెరిగింది?" అని అడిగారు. నా దగ్గర సమాధానం లేకపోయింది. అద్దె అనేది చోటుకు ఇచ్చే డబ్బు. ఎవరు ఎంత చోటు ఆక్రమించారో దాన్ని బట్టే అది పంచాలి. ప్రకటనల ఖర్చును అమ్మకాలను బట్టి, సరుకు తెచ్చిన లారీ కిరాయిని కొనుగోళ్లను బట్టి, సరుకు బీమాను నిల్వ ఉన్న సరుకు విలువను బట్టి పంచుతాం. కరెంటుకు విడిగా సబ్‌మీటర్లు ఉంటే ఆ రీడింగే చాలు. బ్యాంకు అప్పు మీద వడ్డీకి ఇలాంటి సరైన ఆధారమేదీ దొరకదు కాబట్టి దాన్ని విభాగాల మీద రుద్దకుండా సాధారణ లాభనష్టాల ఖాతాలోనే ఉంచెయ్యి.

అయితే చదరపు అడుగులు కొలిచి, అద్దెను వాటితో భాగించినంత మాత్రాన పని పూర్తి కాదు. నీ షాపులో కింద అంతస్తు 1,500 అడుగులు, పై అంతస్తు మరో 1,500 అడుగులు. రెండూ సమానమే కదా అని అడుగుకు 30 రూపాయల చొప్పున వేస్తే, మెట్లెక్కి వచ్చే కొనుగోలుదారు కోసం ఎదురుచూసే చీరల విభాగమూ, రోడ్డు మీదికి అద్దాల బీరువా పెట్టుకున్న చెప్పుల విభాగమూ ఒకే ధర కడుతున్నట్టు అవుతుంది. మన మెయిన్ రోడ్డులో ఏ బ్రోకరును అడిగినా కింది చోటుకు, పై చోటుకు వేర్వేరు ధర చెబుతాడు. ఇద్దరు ముగ్గురిని అడిగి చూడు. వాళ్లు కింద అడుగుకు రెండు రూపాయలైతే పైన ఒక రూపాయి అనే లెక్క చెబితే, మొత్తం 90,000 ఆ నిష్పత్తిలో విడిపోయి కింద అడుగుకు 40, పైన 20 పడుతుంది. అప్పుడు కింద 900 అడుగులున్న రెడీమేడ్‌కు 36,000, 600 అడుగులున్న చెప్పులకు 24,000, పై అంతస్తు మొత్తం వాడుకుంటున్న చీరలకు 30,000 వస్తుంది.

కొలిచేటప్పుడు నువ్వే దగ్గరుండు. షాపు మూసిన తరువాత టేపు పట్టుకొని, ఆ రాత్రి సరుకు నిజంగా ఎక్కడిదాకా పరుచుకొని ఉందో అక్కడిదాకా కొలవాలి. ఇంజినీరు ప్లానులో గీసిన గీతను నమ్మకు. మెట్ల కింద చెప్పుల పెట్టెలు పేర్చి ఉంటే ఆ చోటు చెప్పులదే. మెట్లు ఆక్రమించిన నేల మాత్రం, కింద అంతస్తులో ఉన్నా, చీరల కోసమే ఉన్నది కాబట్టి కింది అంతస్తు ధరకు చీరలకు రాయడం న్యాయం. క్యాష్ కౌంటరు, నడవా మాత్రం అందరివీ. వాటిని కొలతలోంచి తీసేసి మిగిలిన చోటు మీద అద్దె పంచితే, వాటి భారం దానంతట అదే అందరికీ సర్దుకుంటుంది. పైన రాసిన అంకెల్లో సులువు కోసం ఈ సవరణలు చేయలేదు, నీ లెక్కలో నువ్వు చేసుకో.

ఇక ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం చెబుతాను. స్థూల లాభంలోంచి సొంత జీతాలు, సొంత కరెంటు తీసేశాక చీరలకు 80,000, రెడీమేడ్‌కు 55,000, చెప్పులకు 20,000 మిగులుతున్నాయి. నీ పద్ధతిలో అద్దె తీస్తే చెప్పులకు 5,000 లాభం కనిపిస్తుంది. నేను చెప్పిన పద్ధతిలో తీస్తే 4,000 నష్టం కనిపిస్తుంది. చీరల లాభం 27,500 నుంచి 50,000కు పెరుగుతుంది, రెడీమేడ్‌ది 32,500 నుంచి 19,000కు తగ్గుతుంది. షాపు మొత్తం లాభం మాత్రం రెండు పద్ధతుల్లోనూ 65,000 రూపాయలే. పంపకం వల్ల ఒక్క రూపాయి పుట్టదు, ఒక్క రూపాయి పోదు.

ఆ 4,000 నష్టం చూసి చెప్పుల విభాగం ఎత్తేద్దామని నీకు అనిపిస్తుంది, మీ నాన్న కూడా అదే అంటాడు. తొందరపడవద్దు. చెప్పులు తీసేసినా ఇంటాయనకు నెల మొదట్లో 90,000 కట్టక తప్పదు. అప్పుడు చీరలు, రెడీమేడ్ తెచ్చే 1,35,000లోంచి ఆ అద్దె పోతే మిగిలేది 45,000. అంటే నష్టాల విభాగం అనుకున్నదాన్ని మూసిన నెలలోనే లాభం 20,000 తగ్గుతుంది. అద్దెకు ముందు ఆ విభాగం మిగిల్చే 20,000 చూసే ఈ నిర్ణయం తీసుకోవాలి.

కాబట్టి నువ్వు వేసుకోవలసిన ప్రశ్న, ఆ 600 అడుగులను మరొకలా వాడితే నెలకు 20,000 కన్నా ఎక్కువ మిగులుతుందా అన్నది. రెడీమేడ్‌ను అక్కడికి విస్తరిస్తే అదనపు జీతాలు పోగా అంతకు మించి వస్తుందని నమ్మకం ఉంటే మార్చు. ఆ చోటును అడుగుకు 40 చొప్పున మరొకరికి ఇస్తే 24,000 వస్తుంది కనుక కాగితం మీద అదే మేలుగా కనిపిస్తుంది, కానీ మారు అద్దెకు ఇవ్వరాదన్న షరతు మీ అగ్రిమెంటులో ఉందేమో ముందు చూడు. పైగా చెప్పులు కొనడానికి వచ్చి పిల్లలకు బట్టలు తీసుకొని వెళ్లేవాళ్లు ఎంతమంది ఉన్నారో ఈ లెక్కలో కనిపించదు. ఒక నెలపాటు బిల్లులు తిరగేసి, చెప్పులతో పాటు రెడీమేడ్ కూడా ఉన్న బిల్లులు ఎన్నో ఒక కాగితం మీద గీతలు పెట్టుకొని లెక్కించు.

కొలతలు తేలాక నిష్పత్తిని ఏడాదికి ఒకసారే స్థిరపరచి, ట్యాలీలో మూడు విభాగాలను మూడు కాస్ట్ సెంటర్లుగా పెట్టి, అద్దె వోచరు రాసిన ప్రతిసారీ అదే నిష్పత్తిలో వెయ్యి. నెలనెలా మార్చితే గత నెలతో పోల్చడానికి వీలుండదు. గోడ జరిపినప్పుడో, అద్దె పెరిగినప్పుడో మాత్రం మళ్లీ కొలువు. కొలతల కాగితం, అగ్రిమెంటు నకలు నాకు పంపితే సెప్టెంబరు లెక్కలు మూసేలోగా చూసి రాస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న