ఫ్లాయిడ్-వార్షల్‌లో k లూపే బయట ఎందుకు ఉండాలి?

ప్రశ్న: ఫ్లాయిడ్-వార్షల్‌లో k లూప్‌ని లోపల పెడితే ఏమవుతుంది? చేత్తో వేసి చూపిస్తారా?

ఫ్లాయిడ్-వార్షల్ అంటే ప్రతి రెండు ఊళ్ల మధ్యా అతి తక్కువ దూరం కనుక్కునే పద్ధతి; k లూప్‌ని లోపల పెడితే కొన్ని దూరాలు తప్పు వస్తాయి. నాలుగు ఊళ్లు అనుకోండి: క, చ, ట, త. రెండు వైపులా వెళ్లే రోడ్లు: క-చ 20 కి.మీ., క-త 3, త-ట 4, ట-చ 5. క-ట, చ-త మధ్య నేరుగా రోడ్డు లేదు కాబట్టి అక్కడ ∞.

```
d[i][j] = min(d[i][j], d[i][k] + d[k][j])
```

d[i][j] అంటే i నుంచి j కి ఇప్పటిదాకా దొరికిన అతి తక్కువ దూరం, k అంటే మధ్యలో ఆగడానికి కొత్తగా అనుమతిచ్చిన ఊరు. ముందు క కి అనుమతిస్తే చ-త 20+3=23 అవుతుంది. తర్వాత చ, దాంతో క-ట 25. ట వంతులో చ-త 5+4=9కి పడిపోతుంది. చివర త: క-ట 3+4=7, క-చ 3+9=12. ఆ 9 ముందు రౌండులోనే సిద్ధంగా ఉంది కాబట్టే 12 దొరికింది, అసలు కిటుకంతా అక్కడే ఉంది.

ఇప్పుడు k ని లోపల పెట్టండి. క-చ జంటను మొట్టమొదటే తీసుకుని నాలుగు k లూ చూసేస్తాం, కానీ అప్పటికి చ-త, క-ట రెండూ ఇంకా ∞ లోనే ఉన్నాయి, అందుకని 20 దగ్గరే ఆగిపోతుంది, ఆ జంట దగ్గరికి మళ్లీ రాము.

చేత్తో వేసేటప్పుడు ఒకటి చూసుకోండి: k రౌండులో d పట్టికలోని k అడ్డువరుస, నిలువువరుస మారకూడదు. మారాయంటే కూడికలో పొరపాటు చేశారు, లేదా ఎక్కడో రుణ చక్రం, అంటే చుట్టి మొదటి చోటికే వస్తే మొత్తం సున్నా కంటే తక్కువయ్యే దారి, ఉంది (రోడ్డు దూరాల్లో అది రాదు).